రెండు గ్లాసుల్లో ఒక టీ

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది వెనుక జరిగిందో నేను తారుమారు చేయవచ్చు. ఈ మధ్య అలా అవుతోంది. ప్రశ్న మాత్రం బాగా గుర్తుంది.

కామేశం మాస్టారు ఆదివారాలు గ్రంథాలయంలో మాకు పుస్తకాలు చదివి చెప్పేవారు. వాదన ఆయనకు గిట్టదు. ఎవరేమడిగినా ఒక సంగతి చెప్పి ఊరుకునేవారు. ఆ రోజు మాతో పాటు వినడానికి వచ్చే సుభాషిణి అడిగింది. ఆమె ఇంటి కింది గదిలో ఒక దర్జీ ఇరవయ్యేళ్ళుగా అద్దెకున్నాడు. ఆ గదికి కాఫీ షాపువాళ్ళు మూడింతలు ఇస్తామన్నారు.

"నేనతన్ని పొమ్మనలేదు మాస్టారూ. వీధిలో ఇప్పుడు నడుస్తున్న అద్దె అడిగాను, అంతే. ఇందులో తప్పెక్కడుంది?"

మాస్టారు కళ్ళజోడు తీసి, విశాఖపట్నం పాతూరులో టీ కొట్టు పెట్టుకున్న నూకరాజు అనే ముసలాయన సంగతి చెప్పారు.

నూకరాజు వీధి నిండా ఇనుప పనులు చేసే లేత్ షెడ్లు, రేవు కూలీల గదులు. పనివాళ్ళు ఇద్దరిద్దరుగా వచ్చి 'వన్ బై టూ' అడిగేవారు. అంటే ఒక టీ, రెండు గ్లాసులు. వాళ్ళు నోరు తెరవకముందే ఆయన చేయి రెండు గ్లాసులు పెట్టేది. రేవులో పనులు తగ్గి కొన్ని గదులు ఖాళీ పడ్డాయి. అద్దె తక్కువని మొదట బొమ్మలు వేసేవాళ్ళు, చదువుకునే పిల్లలు వచ్చారు. గోడలకు రంగులొచ్చాయి. వాటిని చూడటానికి జనం వచ్చారు. ఆ జనం కోసం ఒక పాత గోదాము కాఫీ షాపయింది. అప్పుడు మురికికాలువకు మూతలు పడ్డాయి. ముప్పయ్యేళ్ళు అర్జీలు పెట్టినా రాని మూతలవి. నూకరాజు సంతోషించాడు.

తరువాత బ్రోకర్లు వచ్చారు. గడువు తీరిన అద్దె కాగితాలను ఇళ్ళ యజమానులు తిరగరాయలేదు. రాసినచోట అద్దె మార్చి రాశారు. ఒక్కొక్క షెడ్డే ఊరి బయటికి పోయింది. ఆరుగురు కూలీలు సర్దుకున్న గదిని బాగుచేసి ఒక్కరికి ఇచ్చారు. ఎక్కడా గొడవ జరగలేదు.

కొట్టు ఉన్న మేడ గురునాథరావుది. పై గదులు అద్దెకిస్తామని ఆయన వేయించిన ప్రకటన కాగితంలో నూకరాజు కెటిల్ ఫోటో ఉంది. ముసలాయన మురిసిపోయి దాన్ని కొట్లో గోడకు అంటించుకున్నాడు.

ఆ పై గదుల్లో ఒకదానిలో ఉంటూ పట్టణ ప్రణాళిక చదివే జ్యోత్స్న ఒక ఉదయం టీకి వచ్చింది. అలవాటుగా రెండు గ్లాసులు పడ్డాయి.

"ఒక్కదాన్నే తాతా."

"మరేటో గానమ్మా, నెల్లాళ్ళై వన్ బై టూ అడిగినోడు లేడు. అందరూ కలిగినోళ్ళైపోనారా?"

"అందరూ వెళ్ళిపోయారు తాతా. దీన్ని జెంట్రిఫికేషన్ అంటారు."

"జబ్బు పేరులాగుంది."

ఆమె విడమరిచి చెప్పింది. చౌకగా ఉన్న వీధికి కాస్త కలిగినవాళ్ళు వస్తారు. వీధి బాగుపడుతుంది. బాగుపడింది గనుక అద్దె పెరుగుతుంది. అది కట్టలేక పాతవాళ్ళు పోతారు. వీధి బాగుపడాలని ఎదురుచూసింది వాళ్ళే.

"మరి దీన్ని తెచ్చినోళ్ళెవలు?"

"ముందొచ్చేది మాలాంటివాళ్ళే తాతా. వచ్చే ఏడు అద్దె పెంచితే నేనూ పోవలసిందే."

నూకరాజు గోడ మీది కాగితం చాలాసేపు చూశాడు. "అయితే నానూ ఉన్నాను ఇందులో," అన్నాడు.

ఆ వారమే గురునాథరావు వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఇంటి పన్ను ఆయనకూ పెరిగింది. "నూకరాజూ, నీకు అద్దె పెంచనులే. నీ కొట్టు చూసే గదులు అడుగుతున్నారు. ఆ బెంచీ మాత్రం తీసెయ్. బళ్ళు తోసేవాళ్ళు వచ్చి గుమ్మంలో కూర్చుంటే బాగోదు. వన్ బై టూలు కూడా మానెయ్."

నూకరాజు ఒక టీ కాచి, రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి ఆయన ముందు పెట్టి, రెండోది తాను తీసుకున్నాడు.

గురునాథరావు తాగి, గ్లాసులోకి చూశాడు. "ఇంతేనా?"

"అంతే బాబూ. ఇద్దరుండాల దీనికి. ఒక్కడికైతే సాలదు."

మర్నాడు చెప్పినట్టే బెంచీ తీసేశాడు. దాన్ని తోపుడు బండి మీదికెక్కించి, దానిపై కెటిల్ పెట్టుకుని, షెడ్లు పోయిన వైపు వెళ్ళాడు. అక్కడ టీ సాగిందో లేదో మాస్టారికి తెలియదు. గోడ మీది కాగితంలో కెటిల్ మాత్రం చాలాకాలం ఉందట.

 "నా తప్పు ఏమిటో మీరు చెప్పనేలేదు," అంది సుభాషిణి.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "రేపొకసారి ఆ దర్జీ గుమ్మంలో కూర్చోమ్మా. బట్టలు తెచ్చేవాళ్ళెవరో చూడు."

వసుంధరా, నా చెల్లెలి కూతురివి గనుక నీకే చెబుతున్నాను, ఇందులో పేర్లన్నీ ఒకసారి సరిచూడు. దర్జీ పేరు ఎక్కడా రాయలేదు. ఆ రోజు మాస్టారు సుభాషిణిని అడిగి ఆ పేరు చెప్పించారు. నాకు గుర్తు రావడం లేదు. నీకు తెలిస్తే రాయి.