ఒక్క రోజు తక్కువ

గంగిశెట్టి వెంకటశేషయ్య గారికి ఒక అలవాటు ఉండేది. జూనియర్లు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. "డైరీలో రాసిపెట్టుకో, దానికి వాయిదా పడుతుంది" అనేవారు. కడప దిక్కున ఒక చిన్న కోర్టు ఊళ్ళో నలభై ఏళ్ళుగా వకీలు ఆయన. ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళంతా వాయిదాల మీద బతికినవాళ్ళే.

ఆ గురువారం మధ్యాహ్నం కొత్త జూనియరు హైమ ఊరుకోలేదు.

"చట్టంలో ఈ వయసులన్నీ ఏ త్రాసులో తూచారు సార్? పద్నాలుగు నిండితే పనిలో పెట్టుకోవచ్చు, గనుల్లోకీ బాణసంచా మందు దగ్గరికీ మాత్రం పద్దెనిమిది దాకా వద్దంటారు. గేర్లు లేని చిన్న బండికి పదహారు, కారుకి పద్దెనిమిది, లారీకి ఇరవై. ఓటుకి ఒకప్పుడు ఇరవై ఒకటి, ఇప్పుడు పద్దెనిమిది. అదీ జులై రెండున నిండితే జాబితాలోకి ఎక్కడానికి అక్టోబరు ఒకటి దాకా ఆగాలి. పెళ్ళికి ఆడపిల్లకి పద్దెనిమిది, మగవాడికి ఇరవై ఒకటి. ఒక్క రోజు తక్కువైన మనిషి బుర్రలో ఏం తక్కువవుతుంది? తెల్లారేసరికి ఏం వచ్చి పడుతుంది?"

ఆ ప్రశ్న డైరీలో రాసి ఆమె పెన్ను మూత పెట్టేలోగానే వాయిదా గుమ్మంలోకి వచ్చింది.

వచ్చినవాడు నారాయణస్వామి. నిమ్మతోట రైతు, మంచివాడని పేరు. చేతిలో మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంది. రేపు శుక్రవారం పొద్దున ఆరూ ఇరవైకి ఆయన కూతురు భువన పెళ్ళి. ఎవరో చైల్డ్‌లైనుకి ఫోన్ చేశారు. బాల్యవివాహాల అధికారి కోర్టుకి దరఖాస్తు పెట్టింది. నోటీసు ఇచ్చేంత వ్యవధి లేదు గనక కోర్టు అప్పటికప్పుడే పెళ్ళి ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

"శనివారానికి నా బిడ్డకి పద్దెనిమిది నిండుతాయి సార్. ఒగ దినం! శనివారం నుంచి మూఢం, రెండున్నర నెలలు ముహూర్తం ల్యా. పెళ్ళికొడుకు ఆదివారం కువైట్‌కి విమానం ఎక్కల్ల. మా పాలోళ్ళలో, దాయాదుల్లోనే, ఎవడో కడుపుమంటతో ఈ పని చేసినాడు. పాప పుట్టింది ముందే సార్, బళ్ళో రెండు నెలలు తగ్గించి రాసినారు."

"రాయించింది ఎవరు?"

నారాయణస్వామి నేల చూశాడు. "నేనే."

"అయితే చట్టం నీ మాటే నమ్మింది. పదో తరగతి సర్టిఫికెట్టు ఉండగా ఎముకల ఎక్స్‌రేలు చూడరు. చూసినా ఎముక తేదీ చెప్పదు, ఏడాదో రెండేళ్ళో అటూ ఇటూగా చెబుతుంది."

ఉత్తర్వు మార్చమని అడగడానికి దారి లేకపోలేదని హైమకి తెలుసు. దానివల్ల నష్టపోయేవాళ్ళు దరఖాస్తు పెడితే కోర్టు దాన్ని సడలించవచ్చు, రద్దు చేయవచ్చు. ఆమె అప్పటికే కాగితం తీసింది. ఆ తండ్రిని చూస్తే ఆమెకి నిజంగా జాలేసింది. ఒక్క రోజు కోసం ఇంత రాద్ధాంతమా అనిపించింది.

"ముందు పాపని పిలువు" అన్నారు వెంకటశేషయ్య గారు.

బయట కారులో మేనత్తతో కూర్చున్న భువన లోపలికి వచ్చింది. చేతులకి గోరింటాకు పండి ఉంది.

"ఏమ్మా, ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా?"

"ఇష్టమే సార్, దానికేం" అన్నాడు నారాయణస్వామి.

"ఏం చదువుతున్నావు?"

"నర్సింగులో సీటొచ్చింది సార్. పెళ్ళయినాంక చూస్తాం."

"పోనీ, నీ పేరేమిటమ్మా?"

"భువన సార్."

మూడు జవాబులూ తండ్రివే. మూడుసార్లూ పిల్ల పెదవులు కదిలి ఆగిపోవడం హైమ చూసింది. తండ్రి చూడలేదు. చేతిలోని కాగితం హైమ కింద పెట్టేసింది.

"వకాల్తా తీసుకోను. శనివారం పదింటికి రా" అన్నారు పెద్దాయన.

నారాయణస్వామికి ఒళ్ళు మండింది. "రేపు కట్టిచ్చేస్తే ఏం జేస్తారు? జుల్మానా కట్టుకుంటా!"

"ఉత్తర్వు లేకుండా చేసిన బాల్యవివాహాన్ని కొట్టెయ్యమని ఆ బిడ్డే అడగాలి, అదీ పెద్దదయిన రెండేళ్ళలోగా. ఉత్తర్వు ఉండగా కడితే అడిగే పనే లేదు, అది మొదటినుంచీ పెళ్ళే కాదు. నీకూ, మంత్రాలు చదివినాయనకీ రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జుల్మానా. ఆలోచించుకో."

అతను పిల్ల రెక్క పట్టుకుని వెళ్ళిపోయాడు. కారు తలుపు పడిన చప్పుడుకి హైమ కిటికీ దగ్గరికి వెళ్ళింది. మనల్ని కాదని రేపు ఏ గుళ్ళోనో ముడి వేసేస్తే?

శుక్రవారం పొద్దున ఆరింటినుంచీ ఆమె ఫోను పట్టుకునే కూర్చుంది. ఆరూ ఇరవై అయింది. ఏడు అయింది. నిన్నటి తన ప్రశ్నే తిరగేసుకుంది. ఓటు తప్పుగా వేస్తే ఆ తప్పు కోట్లమందిలో కలుస్తుంది, అయిదేళ్ళకి దిద్దుకోవచ్చు. లారీ తప్పుగా తోలితే ఎదురొచ్చినవాడు పోతాడు. గనిలో పిల్లవాడి తప్పుకి పిల్లవాడే పోతాడు. మరి తాళి? ఆమెకి ఇంకో సంగతీ తోచింది. అంకె వేయకుండా మనిషిని మనిషినీ చూసి తేల్చమంటే, తేల్చేవాడు నారాయణస్వామే అవుతాడు. తన బిడ్డకి బుద్ధి వచ్చిందని అతను నిన్ననే తేల్చేశాడు కదా. ఎనిమిదింటికి అధికారి ఫోన్ చేసింది. తాళి కట్టలేదు, పందిరి మాత్రం విప్పలేదట.

శనివారం పది కొట్టకముందే రెండు కార్లు వచ్చి ఆగాయి. పెళ్ళికొడుకు, అతని మేనమామ, పూలదండలతో సహా దిగారు. నారాయణస్వామి సర్టిఫికెట్టు బల్లమీద పెట్టాడు.

"ముహూర్తం లేకపోతే లేకపోనీ, దేవుడి ముందర కట్టిస్తాం. ఈ పొద్దుకి నిండినాయి. ఇప్పుడేమంటారు?"

"ఏమంటాను? పుట్టినరోజు మొదలవగానే నిండినట్టే లెక్క. ఆ ఉత్తర్వు ఇక నీ బిడ్డ పెళ్ళికి అడ్డం రాదు" అని, ఆయన పిల్లవైపు తిరిగారు. "ఏమ్మా, ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా?"

"ఇష్ట..." అన్నాడు తండ్రి.

వెంకటశేషయ్య గారు చెయ్యెత్తారు. "స్వామీ, మొన్న నువ్వు చెబితే విన్నాను. ఈ రోజు నిన్ను అడగలేదు."

పెళ్ళికొడుకు మేనమామ ఏదో అనబోయి ఆగాడు. భువన తండ్రిని దాటి పెద్దాయన బల్ల ముందుకి వచ్చింది.

"నాకిష్టం ల్యా సార్. నేను నర్సింగు చదువుకుంటా."

నారాయణస్వామి కూతురివైపు చూశాడు. "ముందే చెప్పుంటే ఏమే?"

"చెప్పినా నాయనా. నువ్వు నగలు చూపిచ్చినావు." ఆమె ఏడుస్తూనే చెప్పింది. "పాలోళ్ళని తిట్టద్దు. ఆ ఫోను చేసింది నేనే. శుక్రవారమైతే నీ మాట మీద అయిపోతాది. శనివారమైతే ఎవరైనా నన్ను అడగాల."

పెళ్ళికొడుకు దండ తీసి కుర్చీమీద పెట్టాడు. బయటికి నడిచాడు. మేనమామ మాత్రం వీధి మలుపు దాకా తిడుతూనే పోయాడు. నారాయణస్వామి బల్లమీది సర్టిఫికెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆఖరికి, కూతురి ముఖం చూడకుండానే, "ఆ కాలేజీ యాడుండాది పాపా?" అని అడిగాడు. అడిగి, జవాబు కోసం ఆగాడు.

వాళ్ళు వెళ్ళాక హైమ కళ్ళు తుడుచుకుంది. "సార్, నిన్నటికీ ఈ రోజుకీ ఆ పిల్లకి అంత బుద్ధి ఎక్కడినుంచి వచ్చింది?"

వెంకటశేషయ్య గారు తరువాతి కేసు కట్ట విప్పుతూ అన్నారు:

"పిల్లకి మొన్ననే ఉందమ్మాయ్. ఈ రోజు పద్దెనిమిది నిండాయి వాళ్ళ నాయనకి."