అయిదూ నలభైకి చదివిన మాటలు

పరాంకుశం మాస్టారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పరు. ఆ జవాబు పట్టుకుని అడిగినవాడు ఏం చేయబోతున్నాడో ముందు తెలుసుకుంటారు. ప్రతి శనివారం ఆయన మేడగదికి పాఠానికి వెళ్లే యజ్ఞేశ్వర్‌కు ఈ అలవాటు తెలుసు. అయినా ఆ రోజు తక్కినవాళ్లు మెట్లు దిగిపోయాక, ఒళ్లోని గుడ్డసంచీని రెండు చేతులా పట్టుకుని, అడగకుండా ఉండలేకపోయాడు.

"పద్నాలుగేళ్ల కొడుకు టాబ్లెట్‌లో ఎవరితో ఏం మాట్లాడుతున్నాడో తండ్రి చూడవచ్చా, మాస్టారూ?"

"ఆ సంచీలో ఉన్నది అదేనా?"

"అదేనండీ."

"వాడికేం చెప్పి తెచ్చావు?"

"రిపేరుకి ఇస్తానని."

మాస్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆ తల్లి ఏడుస్తూ చెప్పింది, నేను ఈ వయసులో విన్నాను. ఏది ముందో ఏది వెనకో నాకే రూఢిగా తెలియదు. పేర్లు మాత్రం నేను మార్చినవే" అన్నారు. తరువాత ఆయన చెప్పినది ఇది.

రత్నావళి, మురహరి దంపతుల ఇంట్లో అందరికీ కలిపి ఒక టాబ్లెట్ ఉండేది. హాల్లో ఫ్రిజ్ మీద దాని చోటు. పిన్ ముగ్గురికీ తెలుసు. అందులో తల్లి పాత నంబరుతో పెట్టిన చాట్‌ను వాడేది మాత్రం ఎనిమిదో తరగతి చదివే కూతురు చైత్ర ఒక్కతే. ఆ చాట్ ఇచ్చిన రోజున ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. టాబ్లెట్ హాలు దాటకూడదు. పెద్దవాళ్లకు ఎప్పుడైనా చూడాలనిపిస్తే, చైత్రకు చెప్పి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే చూడాలి. ఏడాదిన్నర పాటు ఎవరికీ చూడాలనిపించలేదు.

తరువాత ఒక వారం చైత్ర అన్నం సరిగా తినలేదు. తల్లి హాల్లోకి వస్తే టాబ్లెట్‌ను బోర్లా పెట్టేది. "ఏమైందే?" అంటే "ఏం లేదమ్మా" అనేది, ఆ మాటను తలుపు వేసినట్టు అనేది. బుధవారం సాయంత్రం ఆ పిల్ల ట్యూషన్‌కు వెళ్లిన వేళ, రత్నావళి ఫ్రిజ్‌లోంచి పాలు తీస్తుండగా పైన తెర వెలిగింది. తాళం తీయకుండానే కనిపించే ఆ ఒక్క వరుసలో, చైత్ర స్నేహితురాలు నిస్సీ పేరు, దాని కింద "మీ అమ్మకి మాత్రం చెప్పకు" అన్న మాటలు ఉన్నాయి. కాసేపటికి తెర ఆరిపోయింది.

రత్నావళి పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. పేపర్లో చదివినవీ, ఆఫీసులో విన్నవీ అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ట్యూషన్ ఆరున్నరకు గాని వదలరు. అంతవరకు ఆగితే ఏమవుతుందో అనుకుంది గాని, ఆగకపోతే ఏమవుతుందో అనుకోలేదు. పిన్ నొక్కింది. నిస్సీ పేరు పక్కన పచ్చటి చుక్కలో రెండు అంకె ఉంది. తెరిచింది. పైన వరుసగా మూడుచోట్ల, రాసిన మాటలు లేవు. వాటిని తొలగించారన్న గుర్తు మాత్రమే ఉంది. ఆ ఖాళీలు ఆమెను మరింత భయపెట్టాయి. అడుగున కొత్తగా వచ్చిన రెండు మెసేజ్‌లు చదివింది. మళ్లీ చదివింది. తెర మీది వేలిముద్రలు తుడిచి, టాబ్లెట్‌ను ఉన్నచోట పెట్టేసింది.

రాత్రి మురహరికి చెప్పింది. అతను "రేపు పిల్లను కూర్చోబెట్టి అడుగుదాం. చూసినట్టు నువ్వే చెప్పు" అన్నాడు. సరేనంది. పొద్దున్న హడావిడిలో చెప్పనే లేదు.

ఆమెకు తట్టనిది ఒకటుంది. తాను తెరిచిన క్షణాన, ఊరి అవతలి వీధిలో నిస్సీ చేతిలోని ఫోనులో ఆ రెండు మెసేజ్‌ల పక్కన టిక్కులు, చదివారన్న గుర్తుగా, నీలంగా మారాయి. ఇక్కడేమో పచ్చచుక్క మాయమైంది. చైత్ర తిరిగి వచ్చేసరికి క్లాసు గ్రూపులో లెక్కల పరీక్ష గురించి నూట పది మెసేజ్‌లు వచ్చి పడ్డాయి. మరో రెండు గ్రూపులు వాటి కిందకు చేరాయి. చుక్క లేని నిస్సీ పేరు ఎక్కడో అడుగున పడిపోయింది. చైత్ర దాన్ని తెరవనే లేదు.

గురువారం సాయంత్రం చైత్ర బ్యాగు భుజాన ఉండగానే అడిగింది. "నిన్న అయిదూ నలభైకి టాబ్లెట్ ఎవరి చేతిలో ఉంది?"

రత్నావళి ఫ్రిజ్ వైపు చూసింది.

"నిస్సీ నన్ను ఇవాళ పొద్దున్న బెల్లుకి ముందే రమ్మంది. టీచర్ దగ్గరికి తోడు రమ్మంది. అరగంట గేటు దగ్గర నిలబడిందట. చదివి కూడా రాలేదని నాతో మాట్లాడటం లేదు. నేను చూడలేదంటే, మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి వివరాలు చూపించింది. చదివిన టైము ఉంది. అప్పుడు నేను ట్యూషన్‌లో ఉన్నా."

"నేనే చూశాను" అంది రత్నావళి. "భయమేసింది."

"భయమేస్తే ట్యూషన్‌కి ఫోన్ చేయొచ్చుగా. పరిగెత్తుకొచ్చేదాన్ని. నీ ఎదురుగానే తెరిచేదాన్ని."

మురహరి కల్పించుకున్నాడు. "ప్రాణం మీదకొచ్చే సంగతైతే ఆగకూడదు కదమ్మా. అప్పుడూ మమ్మల్ని చూడొద్దంటావా?"

చైత్ర బ్యాగు దించి కింద పెట్టింది. "అలాంటిదైతే చూడండి నాన్నా. కానీ ఆ రోజే చెప్పండి. నేను ఇంకోచోట తెలుసుకోకూడదు." మళ్లీ తనే అంది. "నావి చూడొచ్చని నేను ఒప్పుకున్నాను. నిస్సీ ఎప్పుడు ఒప్పుకుంది?"

రత్నావళికి ఇప్పుడు రెండే దారులు. తాను చదివానని చెప్పకపోతే కూతురికి స్నేహం పోతుంది. చెబితే, తన గుట్టు ఒక పెద్దావిడ చూసిందని తెలిసి నిస్సీ ఇక ఎవరికీ ఏదీ చెప్పకపోవచ్చు. టీచర్ దగ్గరికి వెళ్లడమే మానుకోవచ్చు. చైత్రను పక్కన కూర్చోబెట్టుకుని టాబ్లెట్ తీసుకుంది. నాలుగుసార్లు రాసి చెరిపింది. చివరికి మిగిలింది ఇంతే: "నిస్సీ, నేను చైత్ర వాళ్లమ్మను. బుధవారం నీ మాటలు చదివింది నేను. చైత్ర చూడలేదు. తప్పు నాది. నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను. కానీ ఒక్కదానివే వెళ్లకు. చైత్ర వస్తుంది, కావాలంటే నేనూ వస్తాను."

టిక్కు ఒకటి పడింది. రెండు పడ్డాయి. కాసేపటికి నీలంగా మారాయి. జవాబు లేదు. ఎదురుగా అన్నం చల్లారుతోంది. తల్లీ కూతుళ్లు ఆ నీలం గుర్తునే చూస్తూ కూర్చున్నారు. పడుకునే వేళ దాకా ఏమీ రాలేదు.

తెల్లారి చైత్ర రోజుకంటే ముప్పావుగంట ముందే చెప్పులు వేసుకుంది. రత్నావళి వీధి మలుపు దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది.

మాస్టారు ఇక్కడ ఆపారు. యజ్ఞేశ్వర్ ఇంకా కథ ఉందేమోనని చూశాడు. లేదు.

"ఆ పిల్ల గేటు దగ్గర ఉందా మాస్టారూ?"

"ఉంది. ముగ్గురూ కలిసే వెళ్లారు. ఆ తల్లి మలుపు దగ్గర ఎక్కువసేపు ఆగలేదులే."

"మరి ఆ మెసేజ్‌లలో ఏముంది? నిజంగా పెద్ద సంగతైతే తల్లి చూడటం తప్పెలా అవుతుంది? చిన్నదైతే..."

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. "ఆవిడ చెప్పబోయింది. నేనే వద్దన్నాను. నీకూ అది వదిలేసే చెప్పాను, కావాలనే. ఆ సంచీలోది తెరిచేముందు, లోపల ఉన్నది పెద్దదో చిన్నదో నీకు మాత్రం తెలుసా?"