గోరింకలు ‘పిల్వా’ అనడం మానేసిన కథ

ఒకప్పుడు మాటలకు ముసలితనం ఉండేది కాదు. పుట్టిన మాట పుట్టినట్టే ఉండిపోయేది. తాత అన్నదే మనవడు అనేవాడు. మాటను వదిలేయడమంటే గోరింకల్లో మహాపాపం. ‘గూడు పాడైతే ఇంకోటి కట్టుకోవచ్చు, మాటను పారేస్తే ముక్కు మొద్దుబారిపోతుంది’ అని పెద్దలు బెదిరించేవాళ్లు.

ఆ రోజుల్లో గోదావరి లంకలో వాయిలి అనే పడుచు గోరింక ఉండేది. దానికో చిన్న చెల్లెలు, పేరు బుల్లెమ్మ. తల్లి గోరింక మేతకు వెళ్తే చెల్లెల్ని చూసుకునే పని వాయిలిదే.

లంకను రెండుగా చీలుస్తూ ఒక పాయ పారేది. అవతలి గట్టున రెల్లుగడ్డి. ఆ గడ్డిలో బావురుపిల్లి కాపురం. అందుకని ముందు వెళ్లిన గోరింక చుట్టూ చూసి, ‘ఇక్కడ పిల్లి లేదు, వచ్చి వాలండి’ అని ఇవతలి వాళ్లకు చెప్పాలి. పెద్దలు ఆ వాక్యాన్ని తీరిగ్గా, ముక్కు పైకెత్తి, పూర్తిగా పలికేవాళ్లు. పాయ మీద గాలి సగం మింగేసేది. ‘పిల్లి... వాలండి’ అని మాత్రమే వినబడి ఒకసారి ఇద్దరు ముసలాళ్లు దడుచుకుని నీళ్లలో పడ్డారు కూడా.

పడుచుపిల్లలకు అంత ఓపిక ఎక్కడిది? వాయిలి, దాని నేస్తం బుగడ కలిసి ఆ వాక్యాన్ని కత్తిరించేశాయి. పిల్లిలో ‘పి’, లేదులో ‘లే’, వాలండిలో ‘వా’. పిలేవా. నాలుగు రోజులకు అదీ అరిగి ‘పిల్వా’ అయింది. చిన్న మాట కదా, గాలికి దొరకలేదు.

అంత దూరం నుంచి మొహం కనబడదు. నవ్వుతూ అందో, మూతి ముడుచుకుని అందో తెలియదు. అందుకని దానికీ ఒక పద్ధతి పెట్టుకున్నాయి. ‘పిల్వాఆఆ’ అని సాగదీస్తే ప్రేమగా పిలుస్తున్నట్టు. ‘పిల్వ్’ అని తుంచేస్తే నీతో పచ్చి, మాట్లాడను అని అర్థం. ఈ సంగతి ఎవరూ ఎవరికీ పాఠం చెప్పలేదు. నేస్తం దగ్గర నేస్తం నేర్చుకుంది. పిల్వా అన్నవాళ్లు మనవాళ్లు, అనలేనివాళ్లు బయటివాళ్లు. ఆ మాట అన్నప్పుడల్లా వాయిలికి రెక్కల కింద గిలిగింత పెట్టినట్టుండేది.

మాట బాగుంటే ఒక్క పనికే వాడతామా? పండు తియ్యగా ఉంటే పిల్వా పండు అన్నాయి. ఎండ హాయిగా ఉంటే పిల్వా ఎండ అన్నాయి. బుగడ బురదలో జారిపడితే, ‘అబ్బో, పిల్వా!’ అని ఎకసెక్కం చేశాయి. అన్నిటికీ అదే కావడంతో పాపం ఆ మాటలో పస తగ్గిపోయింది.

ఒకరోజు తల్లి గోరింక గూట్లోకి తొంగిచూసి ముద్దుగా, ‘పిల్వాగా తిన్నారా అమ్మా?’ అంది.

వాయిలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ‘అమ్మా! నువ్వనకే ఆ మాట!’

‘ఏం, నా నోట్లో ముల్లుందా?’ అని తల్లి చిన్నబుచ్చుకుంది.

మర్నాటికి ఉడుత కూడా ఎత్తుకుంది. ‘పిల్వా నేరేడుపళ్లండోయ్! కొమ్మ మీద కోసినవి!’ అని గింజలకు మారకం పెట్టి అమ్ముతోంది. అది వినగానే బుగడ తోక దులుపుకుని, ‘ఛీ, ఇంక నేననను. నువ్వంటే నీ పక్కన కూర్చోను’ అంది.

వాయిలికీ అనాలనిపించలేదు. కానీ మాటను వదిలితే పాపం కదా! అందుకని పడుచువాళ్లు నోటితో అనడం తగ్గించారే గానీ, ‘ఇది చెల్లదు’ అని ఎవరితోనూ చెప్పలేదు. రెక్కలు రాని పిల్లలకు మాత్రం ‘పిల్వా అంటే భయం లేదు, వెళ్లి వాలొచ్చు’ అని ఎప్పటిలాగే నేర్పుతూ వచ్చారు. ఎంత తెలివితక్కువ పని చేశారో చూడండి!

ఉడుతకు తెలిసిన మాట బావురుపిల్లికి తెలియకుండా ఉంటుందా?

ఒకనాటి పొద్దున వాన మబ్బు పట్టింది. బుల్లెమ్మ వానపామును పట్టబోతే అది ముక్కులోంచి జారి నీళ్లలో పడింది. ‘గుబుక్!’ అంది వాయిలి. అక్కచెల్లెళ్లు ఒకరిమీద ఒకరు పడి నవ్వుకున్నాయి. తర్వాత ఏది చేజారినా, ఏది వదిలేసినా వాటికి గుబుక్కే. ఆ మాట ఇంకా ఆ గూడు దాటలేదు.

మధ్యాహ్నానికి బుల్లెమ్మ, ‘అక్కా, ఇవాళ నేనొక్కదాన్నే పాయ దాటతా’ అంది. వాయిలి సరేనంది. పిల్ల రెక్కలు టపటపలాడిస్తూ నీళ్ల మీదికి వెళ్లింది.

సగం దూరం వెళ్లిందో లేదో, అవతలి రెల్లులోంచి గొంతు వినబడింది.

‘పిల్వాఆఆ... పిల్వాఆఆ...’

వాయిలి తలెత్తింది. పడుచువాళ్లెవరూ ఆ మాట అనడం లేదే! పది రోజులనాటి పాత మాటను ఇంత ముచ్చటగా, ఇంత పద్ధతిగా సాగదీసేదెవరు? రెల్లు ఒకచోట మాత్రమే కదులుతోంది. మధ్యలో పసుప్పచ్చగా రెండు మెరుపులు.

‘అక్కడ పిల్లి ఉంది, వెళ్లకు, వెనక్కి వచ్చేయ్!’ అని గొంతు చించుకుంది వాయిలి. గాలి ఆ వాక్యాన్ని ముక్కలు చేసి పారేసింది. బుల్లెమ్మ వెనక్కి చూడనైనా లేదు.

ఇటు రమ్మని ‘పిల్వా!’ అని అరిచింది. అటునుంచీ ‘పిల్వాఆఆ’ వచ్చింది. రెండు వైపులా ఒకే మాట! ఏది అక్కదో, ఏది పిల్లిదో పిల్లకు ఎలా తెలుస్తుంది? గాల్లోనే గిరగిరా తిరిగింది. లేత రెక్కలు అలిసిపోతున్నాయి. కాళ్లు నీళ్లకు తగులుతున్నాయి. దగ్గరున్న గట్టు పిల్లిదే. బుల్లెమ్మ అటే మళ్లింది.

పిల్లి వినని మాట ఒక్కటి కావాలి. ఒక్కటంటే ఒక్కటి!

‘గుబుక్!’ అని అరిచింది. ‘బుల్లెమ్మా, గుబుక్! గుబుక్!’

పిల్ల ఉలిక్కిపడింది. ఆ మాట అక్కదే, ఇంకెవరికీ తెలియదు. వదిలేయమంటోంది! గిరుక్కున తిరిగింది. అదే క్షణంలో రెల్లులోంచి పిల్లి ఎగిరింది. పంజాకు రెండు తోక ఈకలు దొరికాయి, అంతే. వాయిలి ఎదురెళ్లి రెక్క ఆనించి, తోసుకుంటూ తెచ్చి చెల్లెల్ని ఇవతలి గట్టున పడేసింది. ఇద్దరికీ ఊపిరి అందలేదు.

అవతలి నుంచి పిల్లి తేనెలూరే గొంతుతో, ‘గుబుక్... గుబుక్...’ అంటోంది. అప్పుడే నేర్చేసుకుంది!

సాయంత్రం గోరింకలన్నీ తుమ్మచెట్టు మీద చేరాయి. వాయిలి అందరి ముందూ నిలబడి, ‘పిల్వా ఇంక వద్దు. గుబుక్కూ వద్దు. పాపమొస్తే నాకే రానివ్వండి’ అంది.

పెద్దలు గొణిగారు. తల్లి గోరింక మాత్రం బుల్లెమ్మ ఈకలూడిన తోకను ముక్కుతో నిమురుతూ, ‘నేను నేర్చుకున్నానని మొహం చాటేస్తున్నారనుకున్నానే. నా గోల నాది’ అని కళ్లు తుడుచుకుంది. ‘ఒక్క మాట వదిలితే ఒక పిల్ల దక్కుతుందంటే, రోజుకొకటి వదలండి.’

అయితే అన్నీ పోలేదు. పడమటి వేడిగాలికి పడుచువాళ్లు ‘సుర్రు’ అని పేరు పెట్టారు. దానికి అంతకుముందు పేరే లేదు, అందరికీ అవసరమైంది. అది నిలిచిపోయింది.

అప్పటినుంచే పొద్దుగూకేవేళ గోరింకలు చెట్టుమీద చేరి అంత గోల చేస్తాయి. ఏ మాట పాతబడిందో, ఏది కొత్తదో చెప్పుకుంటాయి. చెట్టుకింద నడిచిన కుర్రకారు అది విని నేర్చుకున్నారు. అందుకే ఒకనాడు ‘కేక’ అన్నవాళ్లు తర్వాత ‘తోపు’ అన్నారు. మీ అక్క ఫోన్లో ‘ఓకే’ను ‘కే’ అని తుంచి పంపితే, అలిగిందేమోనని దాని నేస్తం కంగారుపడేదీ అందుకే.

అప్పటినుంచే తల్లి గోరింకలు కూడా రోజూ పిల్లల్ని, ‘ఇవాళ్టి మాటేంటే?’ అని అడుగుతాయి. పిల్లలు చెవిలో చెబుతాయి. తల్లులు విని దాచుకుంటాయి గానీ, చచ్చినా పైకి అనవు.