చిలక మూడుసార్లు పిలిచింది

ఒకప్పుడు చిలకలకు మన మాటలు రావు. ఒక్క ముక్క కూడా రాదు. చెట్టు మీద కూర్చుని కీ అనడం, ఎగురుతూ కీ కీ అనడం, అంతే.

అయితే ఆ కీ కీలో ఒక మర్మం ఉండేది. మనకు అన్నీ ఒక్కలాగే వినిపిస్తాయి గానీ, చిలకల్లో ఒక్కో గూటికి ఒక్కో పిలుపు. పిల్ల తొర్రలో ఉండగానే అమ్మానాన్నలు దానికో పిలుపు నేర్పుతారు. మనం పేరు పెట్టుకోమూ, అలాగన్నమాట. ఆ పిలుపు వస్తేనే గుంపులో చోటు.

ఒక చిలకపిల్ల ఈకలైనా రాకముందే గాలివానకు తొర్రలోంచి జారి జొన్నచేలో పడింది. చేను కాసే నాగులవ్వ దాన్ని చూసింది.

"అయ్యో, గుప్పెడు ప్రాణం!" అని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది.

నాగులవ్వకు మిగిలింది ఒక్కతే మనవరాలు, పేరిందు. ఇద్దరూ జొన్న జావ చల్లార్చి, వేలికొసతో ఆ పిల్ల నోట్లో పెట్టేవాళ్ళు. అది బతికింది. ఆకుపచ్చగా నిగనిగలాడింది. పచ్చి అని పేరు పెట్టుకున్నారు.

రెక్కలు గట్టిపడగానే పచ్చి గుంపు దగ్గరకు ఎగిరింది.

"నీ పిలుపేదమ్మా?" అన్నాయి చిలకలు.

"నాకు పిలుపు లేదు."

"పిలుపు లేనిదాన్ని మావాళ్ళని ఎలా అనుకుంటాం? వెళ్ళు వెళ్ళు!"

పచ్చి ఏడుస్తూ కొమ్మ చివర కూర్చుంది. ఆ ఏడుపు వనదేవత చెవిన పడింది. ఆ తల్లికి పెద్ద ఏడుపూ చిన్న ఏడుపూ ఒకటే.

"ఎవరి చేతి బువ్వ తిన్నావు?" అని అడిగింది.

"నాగులవ్వ చేతిది."

"అయితే అదే నీ గుంపు. వాళ్ళ పిలుపే నీ పిలుపు."

"నాకు పెదవులు లేవు కదా తల్లీ! మనుషుల మాట ఎలా వస్తుంది?"

వనదేవత నవ్వింది. "నీ గొంతు నోట్లో లేదు. గుండెకు దగ్గరగా, ఊపిరి గొట్టం రెండుగా చీలే చోట ఉంది. అక్కడ శబ్దం పుట్టించు. నీ మందపాటి నాలుకను అటూ ఇటూ కదిపి దాన్ని మలుచుకో. విను, మెల్లగా గొణుక్కో, మళ్ళీ విను. మాట వస్తుంది. కానీ అర్థం నేను ఇవ్వలేను. ఏ మాట ఎప్పుడు అంటారో, అన్నాక ఏం జరుగుతుందో చూసుకుంటూ నువ్వే ఏరుకోవాలి."

పచ్చి ఇంటికొచ్చేసింది. రోజూ మధ్యాహ్నం చూరు కింద కూర్చుని, కంటిపాప చిన్నదీ పెద్దదీ చేసుకుంటూ గొణుక్కునేది.

"ఏందే, నీలో నువ్వే పంచాయితీ పెట్టుకున్నావ్?" అని నవ్వేది పేరిందు.

సందెవేళ నాగులవ్వ దీపం వెలిగించి, దేవుడికి దణ్ణం పెట్టి, కంచం నేలమీద పెట్టి గుమ్మంలోంచి పిలిచేది.

"పేరిందూ! దా తల్లీ, బువ్వ చల్లారిపోతోంది!"

ఒకసారి కాదు, ఎప్పుడూ మూడుసార్లు. ఆ ఊరి ఆచారం అది. పొద్దు వాలాక ఎవరు పిలిచినా పలకకూడదు. ఇంటివాళ్ళ గొంతు మూడుసార్లు వినిపిస్తేనే పలకాలి. దయ్యాలకు మూడోసారి పిలిచే ఓపిక ఉండదని వాళ్ళ నమ్మకం.

మూడో పిలుపుకు పేరిందు పరుగెత్తుకొచ్చేది. పచ్చికి కూడా ఒక ముద్ద దొరికేది. కొన్నాళ్ళకు దీపం వెలిగి కంచం కనిపిస్తే చాలు, అవ్వకంటే ముందు పచ్చే పిలిచేది. అదే గొంతు, అదే సాగదీత, మధ్యలో అవ్వ దగ్గే చిన్న దగ్గుతో సహా!

ఒక మంచుకాలం నాగులవ్వకు జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. ఆ సాయంత్రమే మేకపిల్ల తప్పిపోయిందని పేరిందు జొన్నచేలోకి వెళ్ళింది. జొన్న మనిషికంటే ఎత్తు. పైగా మంచు దిగింది. దారి తెలియలేదు.

చేను అవతల గట్టు లేని పాడుబావి ఉంది.

ఊరివాళ్ళు నాలుగు దిక్కులా పరుగెత్తారు. "పేరిందూ!" అని ఒకరు ఇటు, "ఓ పేరిందూ!" అని ఇంకొకరు అటు. ఒక్కొక్కరు ఒక్కోసారి పిలిచి ముందుకెళ్ళిపోతున్నారు. చేలో పేరిందుకు అన్నీ వినిపిస్తున్నాయి. కానీ ఒక్క గొంతూ అవ్వది కాదు, ఒక్కటీ మూడుసార్లు రాలేదు. దయ్యాలే అనుకుంది. నోరు మూసుకుని, ఆ గొంతులకు దూరంగా, బావి వైపు నడుస్తోంది.

ఇవతల చేను గట్టు మీద అవ్వ నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. భుజం మీద పచ్చి ఉంది.

పక్క చేను ఎల్లమంద పచ్చి మీద అరిచాడు. "నీకు అవ్వ గొంతు వచ్చుగా! పిలువు!"

"పిలువు!" అంది పచ్చి.

"నన్ను కాదే, పిల్లని పిలువు!"

"పిల్లని పిలువు!"

"ఛ! దీనికి ఒక్క ముక్క అర్థమై చావదు. అరువు గొంతు, ఉత్త బుర్ర!"

నాగులవ్వ కళ్ళు మూసుకుంది. "తల్లీ, నువ్వే దారి చూపించు" అని మనసులోనే మొక్కుకుంది. రోజూ పచ్చి ఎప్పుడు పిలుస్తుందో తలుచుకుంది. చటుక్కున ఎల్లమంద చేతిలోని దివిటీ లాక్కుని పాతిక అడుగుల దూరంలో ఉన్న మంచె దగ్గరకు పోయింది. అక్కడి ప్రమిద వెలిగించింది. దణ్ణం పెట్టింది. మంచె మీది కంచం తీసి నేలమీద పెట్టింది.

పచ్చి కంటిపాప చిన్నదైంది, పెద్దదైంది.

"పేరిందూ! దా తల్లీ, బువ్వ చల్లారిపోతోంది!"

చేను నిశ్శబ్దమైపోయింది. పచ్చి దగ్గింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచింది.

"వస్తున్నానవ్వా!"

మంచులోంచి, జొన్న ఆకులు తోసుకుంటూ, చంకలో మేకపిల్లతో పేరిందు వచ్చి అవ్వ నడుము చుట్టేసింది. అవ్వ ఏడ్చింది. ఏడుపుకు గొంతుతో పనిలేదు కదా.

తెల్లారి ఎల్లమంద ఊరుకోలేదు. ఒక చేతిలో బువ్వ, ఇంకో చేతిలో మట్టిబెడ్డ పెట్టి, "ఏదీ, బువ్వ ఏది?" అన్నాడు.

"బువ్వ ఏది?" అంది పచ్చి, అతని చెవిపోగు లాగుతూ.

అందరూ నవ్వారు. "చూశావా అవ్వా, బువ్వకీ బెడ్డకీ తేడా తెలీదు దీనికి!" అన్నాడు ఎల్లమంద.

నాగులవ్వ గొంతు అప్పుడే కాస్త విచ్చుకుంది. "తెలీకపోతే పోనీ నాయనా. దీపం వెలిగాక ఆ మాటంటే నా పిల్ల ఇల్లు చేరుతుందని దానికి తెలుసు. మాటలన్నీ తెలిసిన మనం నిన్న ఏం చేయగలిగాం?"

ఎల్లమంద తల గోక్కున్నాడు. తర్వాత చేతిలోని బువ్వ పచ్చికి పెట్టాడు. ఆ ఏడు అవ్వ చేలో ఒక సాలు కంకులు కోయలేదు. చిలకలకని వదిలేసి, ఆ సాలుకు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

కంకులు తినడానికి వచ్చిన గుంపు పచ్చి కథ విన్నది. సిగ్గుపడింది. అన్నీ కలిసి వనదేవతను వేడుకున్నాయి. "తల్లీ, రేపు మా పిల్లల్లో ఎవరైనా గుంపు తప్పితే? వాళ్ళకూ ఆ వరం ఇవ్వవా?"

"గుంపులో ఉన్నంతకాలం మీ కీ కీ మీకు చాలు" అంది ఆ తల్లి. "తప్పిపోయిన పిల్లకు మాత్రం ఏ ఇల్లు బువ్వ పెడితే ఆ ఇంటి పిలుపే వస్తుంది."

అప్పటినుంచే పిల్లలూ, అడవి చిలక కీ కీ అనే అంటుంది, మనింట పెరిగిన చిలక మన గొంతుతో మాట్లాడుతుంది. అన్న ప్రతి మాటా దానికి అర్థం కాదు. తలుపు చప్పుడైతే "ఎవరూ?" అనాలని, మనిషి వెళ్తుంటే "పోయిరా" అనాలని మాత్రం చూసి చూసి ఏరుకుంటుంది. మిగతాదంతా ఎందుకంటుందంటారా? నేనూ మీదాన్నే అని చెప్పుకోవడానికి.