రెండక్షరాల తలుపు తట్టు

తేనెకొండ అడవిలో నెమళ్లు, కణుజు దుప్పులు, ముళ్లపందులు, ఉడుతలు కలిసి బతికేవి. వాటన్నిటి చేతిలోనూ ఫోన్లు ఉండేవి. అడవికంతటికీ ఒక గ్రూపు కూడా ఉండేది.

ఆ అడవిలో సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. ఒంటినిండా ముళ్లున్నా ఆమె మాటలో ముల్లు ఉండేది కాదు.

ఒకనాటి సాయంత్రం సూదమ్మ నిద్ర లేచి ఫోను చూసింది. కొమ్మన్న అనే కణుజు పొద్దున పంపిన సందేశం కనిపించింది. "హాయ్." అంతే.

కొమ్మన్న మాట్లాడి ఎనిమిది నెలలయింది. అప్పట్లో అతడు ఊగుతున్న పొదను చూసి పులి అనుకుని అరిచాడు. అడవి అంతా పరుగులు తీసింది. గ్రూపులో అందరూ నవ్వారు. ఆ రోజే కొమ్మన్న గ్రూపు విడిచి, తూర్పు కొండకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత సూదమ్మ మూడుసార్లు క్షేమం అడిగింది. మూడింటికీ నీలి టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు.

పక్క చెట్టు మీదనుంచి పింఛయ్య అనే నెమలి తొంగిచూశాడు.

"నీకూ వచ్చిందా ఆ హాయ్? నాకు పొద్దున్నే వచ్చింది. తెరవకుండా పైపైనే చదివాను. నీలి టిక్కు పడితే నేను కాచుక్కూర్చున్నాననుకుంటాడు."

"మరి జవాబు?"

"మధ్యాహ్నం ఇచ్చాను. 'ఎవరు? నంబరు సేవ్ చేసుకోలేదు' అన్నాను. పనిపడితేగాని గుర్తురామా? నువ్వూ నాలుగు రోజులు నాననీ, అక్కా."

సూదమ్మ ఆలోచించింది. తానూ 'హాయ్' అని ఊరుకుంటే బరువు మళ్లీ అతడి నెత్తినే పడుతుంది. 'ఇన్నాళ్లకు గుర్తొచ్చానా' అంటే, అతడు ముందు సంజాయిషీ వెతుక్కోవాలి. 'ఏం కావాలి' అంటే గుమ్మంలోనే నిలబెట్టినట్లు. ఎనిమిది నెలల మౌనం తర్వాత ఎవరైనా మొదట తలుపే తడతారు, సంగతి లోపలికి వచ్చాక చెబుతారు.

ఆమె ఇలా రాసింది: "తమ్ముడూ కొమ్మన్నా, ఇప్పుడే నిద్ర లేచాను. నీ పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. మొన్న ఇప్పపూలు రాలుతుంటే నిన్నే తలచుకున్నాను. ఒంట్లో ఎలా ఉంది?"

వెంటనే టిక్కులు నీలంగా మారాయి. పేరు కింద 'టైపింగ్' అని కనిపించింది. ఆగిపోయింది. మళ్లీ కనిపించి, మళ్లీ ఆగింది. రాసింది చెరిపేస్తున్నాడని సూదమ్మ గ్రహించింది. తొందరపెట్టలేదు. కొంతసేపటికి మైకు గుర్తు నొక్కిపట్టి, మెల్లగా అంది: "రాయడం కష్టమైతే మాట్లాడు నాయనా. వింటాను."

అప్పుడు కొమ్మన్న గొంతు వచ్చింది. "అక్కా, నాలుగు రోజుల క్రితం ఉచ్చులో కాలు పడింది. తాడు తెంచుకున్నాను గాని, ముడి కండలోకి దిగిపోతోంది. నడవలేను. ఇన్నాళ్లూ పలకనివాణ్ని, సాయమని ఏ మొహంతో అడగను? పింఛయ్య 'ఎవరు' అన్నాక, ఇంక ఎవరినీ కదపకూడదనుకున్నాను."

"నీ మొహం సంగతి తర్వాత. ముందు లొకేషన్ పంపు."

ఫోనులోని పటంలో తూర్పు కొండ మీద చుక్క కనబడింది. సూదమ్మ ఆ చుక్కను పట్టుకుని ఎక్కింది. పొడుగాటి పళ్లతో ముడిని పోగు పోగుగా కొరికింది. కాలు దక్కింది.

"ఎందుకు పలకలేదని అడగవా అక్కా?" అన్నాడు కొమ్మన్న.

"పలికావుగా."

ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. తూర్పు కొండ మీద బండ సందులో ఎండని ఊట ఉందని కొమ్మన్న సూదమ్మకు చెప్పాడు. ఆమె అందరినీ వెంటబెట్టుకుని వెళ్లింది. పింఛయ్య మాత్రం, "పొదకు జడిసినవాడి నీళ్లు నాకక్కర్లేదు" అని ఒంటరిగా మిగిలాడు.

వారం గడిచింది. అతడి కంఠం ఎండిపోయింది. పింఛం మోయలేని బరువైంది. సాయమని రాయబోయాడు, చెరిపాడు. మళ్లీ రాశాడు, మళ్లీ చెరిపాడు. చివరికి ఒక్క మాటే మిగిలింది.

ఊట దగ్గర కొమ్మన్న ఫోను మోగింది. అతడు దాన్ని సూదమ్మకు చూపించాడు. "హాయ్" అని ఉంది. దానిపైన, 'ఎవరు? నంబరు సేవ్ చేసుకోలేదు' అన్న పాత జవాబు అలాగే ఉంది.

"ఏమంటావు తమ్ముడూ?" అంది సూదమ్మ.

కొమ్మన్న అప్పటికే రాస్తున్నాడు. "పింఛయ్య మావా, నేను కొమ్మన్నను. బాగున్నావా? ఇక్కడ నీళ్లు చల్లగా ఉన్నాయి. లొకేషన్ పంపుతున్నాను. నడవలేకపోతే చెప్పు, నేనే వస్తాను."

పింఛయ్య వచ్చాడు. పింఛం దుమ్ములో ఈడ్చుకుంటూ, తల దించుకుని నీళ్లు తాగాడు. ఎవరూ నవ్వలేదు.

నీతి: చాలాకాలానికి తలుపు తట్టినవారిని ఆలస్యానికి కారణం అడగకు, ముందు తలుపు తెరువు.