నాలుగు అధ్యాయాల ప్రసంగం

అనగనగా, ఏరు సముద్రంలో కలిసే చోట, గాజుల్లంక అని ఓ ఊరుండేది. ఊరివాళ్ళందరిదీ ఒకే ప్రార్థన మందిరం, ఒకే పవిత్ర గ్రంథం. తగవేదొచ్చినా ఆ గ్రంథంలో ఉన్న ప్రకారమే తీర్చుకోవాలని వాళ్ళ తొలి పెద్దలు కట్టుబాటు చేశారు. మంచి కట్టుబాటే. కాకపోతే గ్రంథాన్ని చివరిదాకా చదివినవాళ్ళు తక్కువ.

ఆ మందిరంలో బోధకుడు పరంజ్యోతయ్య. ప్రసంగాల కష్టం నాకు కొంత తెలుసు. నేనూ మూడు చేశాను. మొదటిదానికి జనం కునికారు, రెండోదానికి గురకపెట్టారు, మూడోదానికి రానేలేదు. కాబట్టి ఆయన్ను నేనేమన్నా మీరు తప్పుపట్టకూడదు.

ఏటా కోతల పండుగనాడు ఆయన ఒకటే ప్రసంగం చేసేవాడు. గ్రంథంలో పరదేశి విధవరాలి కథ ఒకటుంది. చిన్న కథ, నాలుగే అధ్యాయాలు. కరువొచ్చి ఓ కుటుంబం పరాయి దేశం పోతుంది. అక్కడ తండ్రి పోతాడు, పెళ్ళయిన కొడుకులిద్దరూ పోతారు. ముసలి తల్లి సొంతూరికి బయలుదేరి, "మీ పుట్టిళ్ళకు పొండమ్మా" అని కోడళ్ళకు ఒకటికి మూడుసార్లు చెబుతుంది. ఒక కోడలు ఏడ్చి వెళ్ళిపోతుంది. రెండోది అత్తను చుట్టుకుని కదలదు.

సరిగ్గా అక్కడ ఆడవాళ్ళంతా కొంగులు కళ్ళకద్దుకునేవారు. సరిగ్గా అక్కడే పెరట్లో చేపల పులుసు దింపేవారు. పరంజ్యోతయ్య టక్కున గ్రంథం మూసేవాడు. పన్నెండేళ్ళుగా ఆయన రెండో అధ్యాయంలో అడుగు పెట్టలేదు.

ఇలా ఉండగా, ఒకరోజు పడవ మీద సుగుణమ్మ తిరిగొచ్చింది. పదేళ్ళ కిందట మొగుడితో, కొడుకుతో సముద్రం దాటి కూలికి పోయిన మనిషి. ఇప్పుడు మొగుడూ లేడు, కొడుకూ లేడు. వెంట ఉన్నది ఆ దేశపు కోడలు మీలన్. చేతిలో సంచి, నోట్లో వచ్చీరాని మన భాష.

సుగుణమ్మ ఇంటికో ఎకరం పొలముంది. దాన్ని ఇన్నాళ్ళూ దున్నుకున్నవాడు ఆమె మొగుడి పెదనాన్న కొడుకు జకరయ్య. ఆయనే సంఘపెద్ద. మందిరంలో అందరూ చాపల మీద కూర్చుంటే ఆయనొక్కడికే కుర్చీ. అందరూ చెప్పులు బయట విడిస్తే ఆయనొక్కడివే లోపలికొచ్చేవి.

"రా మరదలా, రా," అన్నాడు జకరయ్య. "నీకు రెండు పూటలా ముద్ద నేను పెడతాను. ఆ పరదేశి పిల్లను మాత్రం పండుగ తరవాతి పడవకు ఎక్కించెయ్. పొలం సంగతి నువ్వు పట్టించుకోకు, నేనున్నాగా."

సుగుణమ్మ లెక్కేసుకుంది. తనతో ఉంటే పిల్ల పస్తులుంటుంది. పంపేస్తేనే బతుకుతుంది.

మొదటిరోజు చెప్పింది: "అమ్మాయ్, మీ అమ్మ దగ్గరకు పో."

"అత్తా, పడవ ఎక్కితే నాకు వాంతి," అంది మీలన్. చీపురు తీసుకుని ఇల్లు ఊడ్చింది.

రెండోరోజు చెప్పింది: "పిల్లా, ఇక్కడ నీకు తిండెక్కడిదే?"

మీలన్ ఆ ఎకరం పొలంలోకే పరిగె ఏరడానికి పోయింది. కోతలయ్యాక మళ్ళలో రాలిన వెన్నులు బీదవాళ్ళు ఏరుకుంటారే, అదే పరిగె. జకరయ్య అది చూసి మళ్ళలోకి తన బాతుల మందను తోలించాడు. బాతులు ముందు, మీలన్ వెనక. సాయంత్రానికి బాతులకు పొట్ట నిండింది, మీలన్‌కు దోసెడు గింజలు, పిడికెడు వెన్నులు మిగిలాయి. వెన్నులు కట్టగా కట్టి పండుగకు దాచింది. గింజలు దంచి గంజి కాచి, గట్టి గంజి అత్తకు పోసి, తేట తను తాగింది.

మూడోరోజు సుగుణమ్మ కసిరింది: "నా కడుపు తీపి పోయింది, నోరంతా చేదైపోయిందే! ఈ చేదు మనిషిని పట్టుకుని ఏం చేస్తావే?"

"మా ఊళ్ళో కాకరకాయ ఇష్టంగా తింటాం అత్తా," అంది మీలన్.

సుగుణమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆపైన మళ్ళీ పొమ్మనలేదు.

పండుగ రానే వచ్చింది. తెల్లవారగానే జకరయ్య పరంజ్యోతయ్య చెవిలో చెప్పాడు: "అయ్యవారూ, ఈసారి ప్రసంగం కొంచెం మార్చండి. పెద్దలు పొమ్మంటే పోయిన మొదటి కోడలే విధేయురాలని చెప్పండి."

పరంజ్యోతయ్య తలూపాడు. మందిరం పైకప్పు కిందటేడు వేయించింది జకరయ్యే మరి.

ప్రసంగం మొదలైంది. కరువు వచ్చింది, చావులు వచ్చాయి, కోడళ్ళు ఏడ్చారు. "మొదటి కోడలు పెద్దల మాట విని వెళ్ళింది. చూశారా విధేయత!" అని, ఎవరి మొహమూ చూడకుండా గ్రంథం మూయబోయాడు.

"అయ్యగారూ, ఆగండి," సుగుణమ్మ లేచింది. "తక్కిన మూడు అధ్యాయాలు చెదలు తిన్నాయా?"

"పులుసు చల్లారుతుందమ్మా..."

"చల్లారనీండి. సముద్రం మీద నా కోడలికి ఈ కథతోనే అక్షరాలు నేర్పాను. చిన్నదని. లేవే మీలన్, చదువు."

మీలన్ లేచింది. ఒత్తులు తప్పాయి, కానీ ఆగలేదు.

రెండో అధ్యాయం. పొలం అంచులు కోయకుండా బీదవాళ్ళకూ పరదేశులకూ వదలాలి. ఆ విధవరాలు ఏరుకుంటుంటే ఆసామి తన కూలీలతో కావాలనే పిడికెళ్ళు రాల్పించాడు.

"అక్కడ బాతుల మాట ఉందా పిల్లా?" అని అడిగింది జకరయ్య భార్యే. మందిరమంతా ఒకటే నవ్వు.

మూడో అధ్యాయం. పొమ్మన్న ముసలమ్మే ఇప్పుడు, "నీకో నీడ చూడొద్దా?" అంటూ కోడలి కోసం దారి వెతికింది.

నాలుగో అధ్యాయం. పోయినవాడి పొలం దగ్గరి బంధువుకు రావాలంటే, ఆ ఇంటి విధవరాలి భారమూ మోయాలి. పొలమొక్కటే కావాలంటే కుదరదు. మొయ్యలేనన్న బంధువు, ఊరి ముఖద్వారం దగ్గర పదిమంది పెద్దల ఎదుట తన చెప్పు విప్పి ఇచ్చేశాడు. అంటే హక్కు వదులుకున్నట్టే.

పరంజ్యోతయ్య పన్నెండేళ్ళలో మొదటిసారి వెన్ను నిటారు చేశాడు. "పెద్దయ్యా, కట్టుబాటు విన్నారుగా. పొలం ఉంచుకుంటారా? అయితే ఈ అత్తనూ కోడలినీ జన్మంతా మీ ఇంట్లో పోషించాలి."

"ఆ పరదేశిని నేనెందుకు మొయ్యాలి? నా వల్ల కాదు!" అని కుర్చీలోంచి దిగ్గున లేచాడు జకరయ్య.

లేచింది ఒక చెప్పుతోనే. కొత్త చెప్పులు కరుస్తుంటే, ఇంత పొడుగు ప్రసంగం అలవాటు లేక, కుడికాలిది ఎప్పుడో విప్పేశాడు పాపం. అది కుర్చీ ముందు బోర్లా పడి ఉంది.

సుగుణమ్మ నడిచి వచ్చి దాన్ని రెండు చేతులా ఎత్తింది. "పదిమందీ చూశారుగా? బావగారు నోటితోనూ వదిలారు, కాలితోనూ వదిలారు."

"చూశాం!" అంది ఊరు. అందరికన్నా గట్టిగా జకరయ్య భార్య గొంతే వినబడింది.

అప్పుడు సుగుణమ్మ, పండుగకని వెంట తెచ్చుకున్న, ఆ పొలంలోనే ఏరిన పరిగె వెన్నుల కట్టను కోడలి తలకెత్తింది. గాజుల్లంకలో పొలానికి వారసులెవరో వాళ్ళే కోతల పండుగకు తొలి పన, అంటే ఆ పొలపు మొదటి వెన్నుల కట్ట, మోసుకొస్తారు.

"నువ్వు మూడుసార్లు పొమ్మన్నా పోలేదు," అంది. "ఇక నిన్నెవరు పొమ్మన్నా నన్ను దాటే పొమ్మనాలి. ఇది నా ఇంటి తొలి పన. ఇది నా ఇంటి మనిషి."

పిడికెడు వెన్నుల కట్ట. దాని వెనక ఊరంతా పాడుకుంటూ నడిచింది. జకరయ్యా కుంటుతూ నడిచాడు, చెప్పు అడిగే ధైర్యం లేక.

ఆ ఏడు గాజుల్లంకలో అందరూ చల్లారిన పులుసే తిన్నారు. అంత రుచి ఎన్నడూ ఎరగమన్నారు. మరుసటేడు మీలన్ తన పొలం నాలుగంచులూ కోయకుండా వదిలేసింది. బాతులు రాకుండా సుగుణమ్మ కర్ర పట్టుకుని గట్టు మీద కూర్చుంది.

నీతి: తోడు నిలవడమంటే ఒక్కరే అంటిపెట్టుకుని ఉండడం కాదు; పొమ్మన్నా పోని కోడలికి, పోనివ్వని అత్త దొరికితేనే ఆ కథ చివరి అధ్యాయం దాకా నడుస్తుంది.