పొట్టేలు ఏకరువు పెట్టిన తప్పులు

ఎండలు ముదిరి అడవి అంచున ఒక్క మడుగే మిగిలింది. దానికోసం దొడ్డి జంతువులూ అడవి జంతువులూ తొమ్మిది ఆటల కబడ్డీ పందెం వేసుకున్నాయి. గెలిచినవాళ్లది మడుగు. ఓడినవాళ్లు మూడు కోసుల అవతలి వాగుకు పోవాలి. దొడ్డి జట్టు మొదటి నాలుగూ గెలిచి, తర్వాతి నాలుగూ ఓడింది. ఇక మిగిలింది ఆఖరాట.

దొడ్డి జట్టు నాయకుడు పొట్టేలు. ఎద్దు దాన్ని పక్కకు పిలిచింది.

"ఆటకు ముందు మాట్లాడతావు కదా, మొదట నీ తప్పు ఒప్పుకో. ఓడిన నాలుగాటల్లోనూ కూతకెళ్లి ఎక్కువసార్లు చిక్కింది నువ్వే. తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కొక్క పని చెప్పు. అంతే చాలు."

"చూద్దాంలే" అంది పొట్టేలు.

కాసేపటికి అడవి జట్టు నాయకుడు నక్క పరామర్శకు వచ్చింది.

"నీలాంటి మొనగాడికి ఇలాంటి జట్టేమిటన్నా!"

"నా బాధా అదే!"

"నాయకుడు తప్పు ఒప్పుకుంటే చిన్నవాళ్లు నెత్తికెక్కుతారు. ఎవరి తప్పు వాళ్ల ముఖం మీదే చెప్పు. సిగ్గుతోనైనా ఆడతారు."

పొగడ్త తలకెక్కినవాడికి చెప్పేదెవరో కనబడదు. పొట్టేలు జట్టును నిలబెట్టింది.

"మేకా! మొన్న నక్క మడమ పట్టి వదిలేశావు. ఎద్దూ! నువ్వు కదిలేలోపు వాడు మధ్యగీత దాటాడు. గాడిదా! గీత బయట కాలు పెట్టి నీకు నువ్వే అవుటయ్యావు. ఇవాళ తప్పు చేసినవాణ్ణి ఊరుకోను!"

"మరి నీ సంగతి?" అంది గాడిద.

"నాయకుణ్ణే అడుగుతావా?"

మేక గట్టు మీద ఉన్న తన పిల్లవైపు చూసింది. పుట్టి పది రోజులే. మూడు కోసులు నడవలేదు.

ఆట పద్దెనిమిదికి పద్దెనిమిది దాకా వచ్చింది. చివరి కూతకు నక్క వచ్చింది. ఎడమ మూలలో మేక ఉంది. మూలనున్నవాళ్లు ముందు మడమ పట్టాలి. పట్టు పడ్డాకే చేతులు కలిపిన మిగతావాళ్లు చుట్టుముడతారు. మూల వెనకాడితే గొలుసంతా ఆగిపోతుంది.

నక్క మడమ మేక ముందే ఆడింది. 'మళ్లీ జారితే?' అనుకుంది మేక. ఆ ఒక్క క్షణం ఎద్దు దానికోసం ఆగింది, గాడిద ఎద్దుకోసం ఆగింది. నక్క మేకను తాకి, కూత వదలకుండా మధ్యగీత దాటేసింది.

సాయంత్రం దొడ్డి జంతువులు వాగుదారి పట్టాయి. రెండో మలుపులో మేకపిల్ల కూలబడింది. ఎద్దు మోకాళ్ల మీద వంగితే, మేక పిల్లను దాని వీపు మీదికి తోసింది.

"నువ్వు తిట్టకుండా ఉంటే పట్టేదాన్ని పొట్టేలా" అంది మేక, తల తిప్పకుండానే.

వెనక మడుగు గట్టు నుంచి నక్క కేక వినిపించింది. "అన్నా! ఎంత బాగా మాట్లాడావన్నా!"

పొట్టేలు తల వంచుకుని అందరికంటే వెనక నడిచింది.

నీతి: తన తప్పు దాచుకుని తనవాళ్ల తప్పులు చాటే నాయకుడు, పగవాడి పని తానే చేసిపెడతాడు.